పెళ్లి గ్రూపు చాట్‌లోంచి ఏది ఖాయమైందో, ఏది మిగిలిందో తేల్చడం ఎలా

మా చెల్లి పెళ్లి గ్రూపులో నాలుగు నెలల్లో దాదాపు మూడు వేల మెసేజీలు పోగయ్యాయి. పెళ్లికి ఆరు వారాలుందనగా ఒక రాత్రి బాబాయి ఎనిమిది గదులు చాలన్నామని అన్నారు, అత్తేమో పన్నెండు అనుకున్నాం కదా అంది. ఇద్దరూ ఫోన్ తీసి ఎవరి మెసేజ్ వాళ్లు చూపించారు, ఇద్దరి మాటా నిజమే. ఆ రాత్రే నేను చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి కూర్చున్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. తర్వాత ఇంకో రెండు పెళ్లిళ్లకు కూడా ఇదే పని చేశాను కాబట్టి ఎక్కడ తప్పు జరుగుతుందో ఇప్పుడు బాగా తెలుసు. వాట్సాప్ గ్రూపు అనుకుని రాస్తున్నాను, మీరు వేరే యాప్ వాడితే బటన్లు మారతాయి గానీ పని ఇదే.

## చాట్ బయటికి తీసేటప్పుడు

ముందు ఎవరి ఫోన్‌లోంచి తీయాలో చూసుకోండి. గ్రూపులో మొదటి రోజు నుంచి ఉన్నవాళ్ల ఫోన్ కావాలి, ఎందుకంటే మధ్యలో చేరినవాళ్ల ఎక్స్‌పోర్ట్‌లో వాళ్లు చేరకముందు నడిచిన మాటలు మామూలుగా ఉండవు. మధ్యలో ఫోన్ మార్చి పాత చాట్ పోగొట్టుకున్నవాళ్ల దాంట్లోనూ అంతే. ఆండ్రాయిడ్‌లో అయితే గ్రూపు తెరిచి పైన మూడు చుక్కలు, `More`, `Export chat`. ఐఫోన్‌లో గ్రూపు పేరు మీద నొక్కి కిందికి వెళ్తే `Export Chat` కనిపిస్తుంది. ఫొటోలు, వాయిస్ మెసేజీలతో కలిపి కావాలా వద్దా అని అడుగుతుంది. మొదటిసారి వద్దనే చెప్పండి. ఫొటోలతో అయితే చివరి పది వేల మెసేజీల దాకా, అవి లేకుండా అయితే నలభై వేల దాకా వస్తాయని వాట్సాప్ సహాయ పేజీలో ఉండేది, పెళ్లి గ్రూపుకు రెండోది ఎలాగూ సరిపోతుంది. ఎవరైనా గ్రూపులో `Advanced chat privacy` ఆన్ చేసి ఉంటే ఎక్స్‌పోర్ట్ అసలు కుదరదు. ఆన్ చేసినవాళ్లను అడిగి ఆపించుకోండి, ఎందుకు కావాలో చెప్పి అడిగితే ఎవరూ కాదనరు.

వచ్చిన ఫైల్‌ని ఒక కాపీ తీసి, అసలుది ముట్టుకోకుండా పక్కన పెట్టండి. కాపీని కంప్యూటర్‌లో తెరవండి, ఫోన్ తెర మీద ఈ పని చేస్తే కళ్లు పోతాయి. తెలుగు అక్షరాలు గజిబిజిగా కనిపిస్తే ఫైల్ పాడైందని కంగారు పడకండి, తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ `UTF-8` అని ఎంచుకుంటే సరిపోతుంది. ఇప్పుడు చివరి మెసేజ్ తేదీ, సమయం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మీరు తయారు చేసే జాబితా ఆ నిమిషం వరకే నిజం, దాని తర్వాత గ్రూపులో ఏమన్నా అది ఇందులో లేదు. ఈ ఒక్క ముక్క జాబితా పైన రాయకపోతే మర్నాడే ఎవరో "నేను నిన్న రాత్రి చెప్పింది ఎందుకు లేదు" అంటారు.

ఇంకో చిన్న పరీక్ష. ఫైల్‌లో `05/02/25` అని ఉంటే అది ఫిబ్రవరి 5 కావచ్చు, మే 2 కూడా కావచ్చు, అది ఫోన్ సెట్టింగ్‌ని బట్టి మారుతుంది. `22/02/25` లాంటి తేదీ ఒకటి వెతకండి, పన్నెండు దాటిన అంకె ఏ స్థానంలో ఉందో చూస్తే రోజు ఏదో నెల ఏదో తేలిపోతుంది.

## ఫైల్‌లోకి రానివి

ఇది తెలియకుండా మొదలుపెడితే మిగతా పనంతా తప్పుతుంది కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. ఫైల్‌లో ఉండేది టైపు చేసిన మాటలు మాత్రమే. ఒకరి మెసేజ్‌ని పట్టుకుని దానికే జవాబు ఇస్తే ఫోన్‌లో ఆ పాత మెసేజ్ పైన చిన్న డబ్బాలో కనిపిస్తుంది కదా, ఫైల్‌లో ఆ డబ్బా ఉండదు, జవాబు ఒక్కటే ఉంటుంది. అంటే "ఓకే" అని ఉంటుంది, దేనికి ఓకేనో ఉండదు. బొటనవేలు గుర్తు, గుండె గుర్తు లాంటివి మెసేజ్ మీద నొక్కి పెట్టినవి కూడా రావు, మన ఇళ్లలో పెద్దవాళ్లలో సగం మంది ఒప్పుకోలు ఆ బొటనవేలితోనే చెప్తారు. వాయిస్ మెసేజ్, ఫొటో ఉన్న చోట ఆండ్రాయిడ్ ఫైల్‌లో `<Media omitted>` అని, ఐఫోన్‌లో `audio omitted`, `image omitted` అని మాత్రం ఉంటుంది. పాతవి ఆటోమేటిక్‌గా మాయమయ్యే సెట్టింగ్ పెట్టుకున్న గ్రూపు అయితే ఆ మాయమైనవి కూడా లేనట్టే.

అందుకే ఫైల్ ఒక్కటే చూసి తేల్చేయకండి. ఫైల్ చదవడానికి, ఫోన్ అనుమానం తీర్చుకోవడానికి. రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి.

## చెత్త తీసేయడం, కానీ అన్నీ కాదు

గుడ్ మార్నింగ్‌లు, శుభాకాంక్షలు, ఎవరో పంపిన వీడియో లింకులు, దండాలు, నవ్వులు, ఇవన్నీ కాపీలోంచి నిర్మొహమాటంగా తీసేయొచ్చు, సగానికి పైగా పోతుంది. తీసేయకూడనివి మూడున్నాయి. `<Media omitted>` లైన్లు ఒకటి, ఎందుకంటే నిర్ణయం ఆ వాయిస్‌లోనే ఉండొచ్చు. `This message was deleted` అన్నవి రెండోది. ఏమన్నారో తెలియదు గానీ, దాని కింద ఉన్న జవాబులు దేని గురించో అర్థం కాకపోతే కారణం అదే కావచ్చు. మూడోది ఎవరు ఎప్పుడు గ్రూపులో చేరారో చెప్పే లైన్లు. మా గ్రూపులో మామయ్య ఫిబ్రవరి మధ్యలో చేరారు, జనవరిలో తేల్చిన హాలు సమయం ఆయనకు తెలియనే తెలియదు, ఆయన మౌనాన్ని మేం ఒప్పుకోలు అనుకున్నాం.

## తేదీ వరసలో కాదు, విషయం వరసలో పెట్టండి

చాట్ పైనుంచి కిందికి చదువుతూ నోట్స్ రాసుకోవాలని అనిపిస్తుంది. అలా చేస్తే మీ నోట్స్ కూడా ఇంకో చిన్న చాట్ అవుతుంది. దాని బదులు ఖాళీ ఫైల్ ఒకటి తెరిచి హాలు, గదులు, బస్సు, కార్డులు, ఫొటోలు, అతిథుల లెక్క, బట్టలు అని తలకట్లు పెట్టుకోండి, ఎనిమిది పది కంటే ఎక్కువ పెట్టకండి. తర్వాత చాట్ చదువుతూ ప్రతి పనికొచ్చే మెసేజ్‌నీ తేదీ, పేరుతో సహా దాని తలకట్టు కింద అతికించండి. ఒకే మెసేజ్‌లో రెండు విషయాలుంటే రెండు చోట్లా అతికించండి. ఎవరైనా ఒకే మెసేజ్‌లో పదిహేను లైన్ల పేర్ల జాబితా పెట్టి ఉంటే జాగ్రత్త, ఫైల్‌లో మొదటి లైన్‌కే తేదీ, పేరు ఉంటాయి, మిగతా లైన్లు బోడిగా ఉంటాయి. అవి కూడా కలిపి కాపీ చేయాలి, లేకపోతే అతిథుల్లో మొదటి పేరు ఒక్కటే మీ దగ్గర మిగులుతుంది.

అతికించేటప్పుడే రెండు మార్పులు చేసేయండి, తర్వాత గుర్తుండవు. మొదటిది "రేపు", "ఎల్లుండి", "వచ్చే ఆదివారం" లాంటివి. ఆ మెసేజ్ తేదీ చూసి అసలు తేదీ పక్కన రాయండి. రాత్రి పన్నెండు దాటాక పంపిన మెసేజ్‌లో "రేపు వెళ్తున్నాం" అంటే చాలాసార్లు అది తెల్లవారిన ఆ రోజే. నిద్రపోనంతవరకు మనకు ఇంకా నిన్నే కదా.

రెండోది వరసలు. "అక్కని అడిగి చెప్తా" అని బావ అంటే ఆ అక్క వేరు, నేను అంటే వేరు. ఫైల్‌లో ఎడమవైపు కనిపించే పేర్లు కూడా ఎక్స్‌పోర్ట్ చేసినవాళ్ల ఫోన్‌లో ఎలా సేవ్ అయ్యాయో అలాగే వస్తాయి, నా ఫైల్‌లో "నాన్న" అని ఉన్నాయన గ్రూపులో సగం మందికి మామయ్యో పెదనాన్నో. సేవ్ చేయని వాళ్లది నంబరే వస్తుంది. అందుకని మీ నోట్స్‌లో ప్రతి వరసనీ పేరుగా మార్చండి. ఈ వ్యాసంలో మా వాళ్ల పేర్లు ఎందుకని నేను వరసలతోనే రాస్తున్నాను, మీ జాబితాలో మాత్రం ఆ పని చేయకండి.

## ఏది నిర్ణయం, ఏది కాదు

అసలు కష్టం ఇక్కడే. ఒక్కో తలకట్టు తీసుకుని కింది మెసేజ్ నుంచి పైకి చదవండి. ముందు చివరి మాట కనిపిస్తుంది, అది దేన్ని మార్చిందో పైకి వెళ్తుంటే తెలుస్తుంది. పైనుంచి చదివితే మొదట చూసిన మాట మనసులో పాతుకుపోయి, తర్వాత వచ్చిన మార్పుని చిన్నదిగా చూస్తాం. అయితే చివరి మాట కాబట్టి అదే నిర్ణయం అనుకోకండి. చివరగా ఎవరో ఒకరు మాట్లాడి ఊరుకుంటారు, ఆ మాట వాళ్ల అభిప్రాయం అయ్యుండొచ్చు.

నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ విషయంలో అవునూ కాదూ చెప్పాల్సిన మనిషి చెప్పారా? ఏ మాటకు చెప్పారో నాకు కచ్చితంగా తెలుసా? ఆ తర్వాత దాన్ని ఎవరైనా తిరగదోడారా? మొదటి రెంటికీ అవును, మూడోదానికి లేదు అని వస్తేనే ఖాయమైనవాటిలో రాస్తాను. అవునూ కాదూ చెప్పాల్సిన మనిషి అంటే ఇంట్లో పెద్ద అనే కాదు. బస్సుకు డబ్బు కట్టేది ఎవరు, బట్టలు కట్టుకునేది ఎవరు, గదుల్లో దిగేది ఎవరు, వాళ్లు. చెల్లి చీర రంగు మీద పదకొండు మంది బాగుందన్నారు, చెల్లి ఒక్కతే ఏమీ అనలేదు. అది మిగిలిన పనుల్లోకి వెళ్తుంది.

ఇక మాటలు. మన మాటల్లో ఒప్పుకోలుకు ఎన్ని మెట్లున్నాయో ఈ పని చేసేదాకా నాకు తెలియలేదు. "సరే" ఒక మెట్టు, "సర్లే" ఇంకో మెట్టు, దాంట్లో కొంచెం అయిష్టం ఉంది, వారం తర్వాత అది బయటికొస్తుంది. "చూద్దాం" అంటే చాలాసార్లు వద్దనే, మర్యాదగా. "సరే చూద్దాం" కూడా అంతే, ముందున్న సరేని చూసి మోసపోకండి. "మీ ఇష్టం" ఒప్పుకోలు కానే కాదు, ఒక్కోసారి నిజంగా మీకే వదిలేశామని, ఒక్కోసారి నొచ్చుకున్నామని, చదివితే తేడా తెలియదు, ఫోన్ చేసి వింటేనే తెలుస్తుంది.

క్రియ ఏ రూపంలో ఉందో చూడటం ఇంకా పనికొస్తుంది. "చేద్దాం" ప్రతిపాదన. "చేస్తాను" మాట ఇవ్వడం. "చేశాను" అయిపోవడం. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైపు చేసేవాళ్ల దగ్గర `chepestha`కీ `chepesa`కీ మధ్య తేడా రెండు అక్షరాలు, ఒకటి ఇంకా చెప్పలేదని, ఇంకోటి చెప్పేశానని. తొందర్లో టైపు చేసినవాళ్లు ఏది కొట్టారో వాళ్లకే తెలియాలి, ఇలాంటి చోట ఊహించకుండా అడగండి. "మాట్లాడాను" ఇంకా తమాషా అయిన మాట. "బస్సు మాట్లాడాను" అంటే కుదుర్చుకున్నాననే. "ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడాను" అన్నా అంతే. "ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడాను" అంటే ఊరికే మాట్లాడాను, ఇంకా ఏమీ కుదరలేదు. ఒక్క ప్రత్యయం మీద మా ఇంట్లో పది రోజులు ఫొటోగ్రాఫర్ కుదిరాడనే భ్రమలో ఉన్నాం.

చాలామంది ఫైల్‌లో `ok`, `final`, `fix`, `confirm`, `sare`, సరే అని వెతికి, దొరికినవన్నీ నిర్ణయాలని రాసేస్తారు. ఈ వెతుకులాట చివర్లో, ఏదైనా వదిలేశానా అని సరిచూసుకోవడానికి మంచిదే. మొదట్లో చేస్తే మాత్రం "ఫైనల్‌గా ఏమనుకున్నారు?" అన్న ప్రశ్న కూడా నిర్ణయంలా కనిపిస్తుంది. పైగా ఒకే మాటను ఒకరు `sare` అని, ఇంకొకరు `sarey` అని, మూడోవారు తెలుగులో రాస్తారు, ఒక్క స్పెల్లింగ్‌తో వెతికితే మిగతావి తప్పిపోతాయి.

గ్రూపులో పోల్ పెట్టి ఉంటే ఫైల్‌లో ప్రశ్న, ఒక్కోదానికి ఎన్ని ఓట్లు వచ్చాయో ఉంటాయి గానీ ఎవరు ఎటు వేశారో ఉండదు. ఓట్లు ఎక్కువ వచ్చినంత మాత్రాన ఖాయమని రాయకండి, పోల్ కింద "అయితే ఇదే చేస్తున్నాం" అని బాధ్యత ఉన్న మనిషి అన్నారా అని చూడండి.

## ఒక విషయం మొదటి నుంచి చివరి దాకా

బస్సు విషయం తీసుకుందాం. మధ్యలో వచ్చిన పలకరింపులు తీసేశాక ఫైల్‌లో ఇలా ఉంది.

```
05/02/25, 8:12 pm - బాబాయి: బస్సు ఒకటి చాలా, రెండు కావాలా?
05/02/25, 8:15 pm - పెద్దక్క: మనవైపు 70 మంది దాకా ఉంటారు
05/02/25, 8:15 pm - అత్త: <Media omitted>
05/02/25, 8:16 pm - నాన్న: ఓకే బాగుంది
05/02/25, 8:40 pm - బాబాయి: అయితే రెండు బస్సులు చెప్పేస్తా
06/02/25, 7:02 am - పిన్ని: <Media omitted>
06/02/25, 7:05 am - నాన్న: సరే అలాగే చేద్దాం
22/02/25, 9:30 pm - బాబాయి: పెద్ద బస్సు ఒకటి, వ్యాను ఒకటి మాట్లాడాను, అడ్వాన్స్ ఇచ్చేశా
22/02/25, 9:34 pm - పెద్దక్క: పొద్దున్న ఎన్నింటికి బయల్దేరాలి?
22/02/25, 9:50 pm - అత్త: 6 కి అయితే పిల్లలతో కష్టం
```

పైపైన చదివితే కథ ఇలా అనిపిస్తుంది: డెబ్బై మంది, నాన్న ఓకే అన్నారు, బాబాయి రెండు బస్సులు చెప్తానన్నారు, మర్నాడు నాన్న మళ్లీ సరే అన్నారు. రెండు బస్సులు ఖాయం. తర్వాత బాబాయి ఎందుకో తనంతట తాను ఒక బస్సు, ఒక వ్యాను చేసేశారు. నా మొదటి నోట్స్‌లో నిజంగానే "బాబాయి మార్చేశారు, ఎందుకో అడగాలి" అని రాసుకున్నాను. అదే గ్రూపులో పెట్టి ఉంటే ఆయన ఎంత బాధపడేవారో.

ఫోన్‌లో ఫిబ్రవరి 5 దాకా వెళ్లి చూస్తే, అత్త పంపింది కార్డు నమూనా ఫొటో. నాన్న "ఓకే బాగుంది" అన్నది ఆ ఫొటోని పట్టుకుని. బస్సుకు సంబంధమే లేదు, ఆ లైన్ కార్డుల తలకట్టు కిందికి వెళ్లాలి. ఫిబ్రవరి 6 పొద్దున పిన్ని పంపింది వాయిస్ మెసేజ్, నలభై సెకన్లు. అందులో ఆవిడ తమ వైపు పదిహేను మంది సొంత కార్లలో వచ్చేస్తారని, రెండో బస్సు బదులు చిన్న వ్యాను చాలని చెప్పింది. నాన్న "సరే అలాగే చేద్దాం" అన్నది దానికి. అంటే బాబాయి ఏమీ మార్చలేదు, ఖాయమైనదే చేశారు.

ఇప్పుడు ఖాయమైన వాటిలో రాసేది ఇది: "పెద్ద బస్సు ఒకటి, వ్యాను ఒకటి. నాన్న ఒప్పుకున్నది ఫిబ్రవరి 6, బాబాయి కుదిర్చి అడ్వాన్స్ ఇచ్చింది ఫిబ్రవరి 22. డెబ్బై మందిలో పదిహేను మంది కార్లలో వస్తారని, మిగిలేది 55 మంది అన్న లెక్క మీద." ఆ చివరి వాక్యం వదలకండి. పెద్దక్క "70 మంది దాకా" అంది, అది అంచనా. రెండు వారాల తర్వాత ఆ సంఖ్య 85 అయితే ఈ నిర్ణయం మళ్లీ తెరవాల్సి వస్తుంది. ఏ లెక్క మీద నిలబడిందో రాసి ఉంటే ఆ సంగతి చూసినవాళ్లకే తడుతుంది.

మిగిలిన వాటిలో మూడు. పొద్దున్న ఎన్నింటికి బయల్దేరాలి, ఆరింటికి అయితే పిల్లలతో ఇబ్బంది అని అత్త అంది, జవాబు ఎవరూ ఇవ్వలేదు. బస్సు ఎక్కేవాళ్లు కచ్చితంగా ఎంతమంది. మిగతా డబ్బు ఎప్పుడు, ఎవరు ఇవ్వాలి. ఈ మూడోది చాట్‌లో లేనే లేదు. "అడ్వాన్స్ ఇచ్చేశా" అన్న ప్రతి చోటా ఇంకా కట్టాల్సింది ఒకటి ఉంటుంది కాబట్టి అది మీరే రాయాలి. దాని పక్కన "చాట్‌లో రాలేదు" అని గుర్తు పెట్టండి, ఎవరో అన్నట్టు రాయకూడదు.

## వాయిస్ మెసేజీలు

అన్నీ వినక్కర్లేదు. చుట్టూ ఉన్న మాటలు చూడండి. `<Media omitted>` తర్వాత పది నిమిషాల్లోపు "సరే", "అవును", "వద్దు" లాంటి జవాబులు వస్తే ఆ చోటికి ఫోన్‌లో వెళ్లి వినండి. నాకు వందకు పైగా ఉన్న వాటిలో ముప్పై లోపే వినాల్సి వచ్చింది. విన్నది ఒక్క వాక్యంలో టైపు చేసి ఆ లైన్ కింద పెట్టుకోండి. ఫోన్‌లో ఆ వాయిస్ తెరుచుకోకపోతే పంపినవాళ్లనే అడగండి, అడిగిన తేదీ రాయండి.

ఫోన్ కాల్స్‌లో, ఎదురుగా కూర్చుని తేల్చినవి చాట్‌లో ఎక్కడా ఉండవు. ఒక విషయం మీద గొడవగా మాట్లాడుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయి, నాలుగు రోజులకు ఎవరో అది అయిపోయినట్టే మాట్లాడితే మధ్యలో ఫోన్ మాటలు నడిచాయన్నమాట. గదుల గొడవ సరిగ్గా ఇదే. బాబాయి ఎనిమిది అన్నది జనవరిలో. ఆ తర్వాత నాన్న, అత్త ఫోన్‌లో పన్నెండు అనుకున్నారు, అత్త గ్రూపులో "పన్నెండు సరిపోతాయి" అని మాత్రం పెట్టింది, ఎవరు ఒప్పుకున్నారో పెట్టలేదు. చదివితే అది ఆవిడ అభిప్రాయంలా ఉంది. ఇలాంటి ఖాళీలు కనిపిస్తే సంబంధించిన ఇద్దరినీ విడివిడిగా అడగండి, ఇద్దరూ ఒకటే చెప్తే ఖాయం, లేకపోతే మిగిలిన పని.

## రాయడం

రెండే భాగాలు పెట్టండి. "దాదాపు ఖాయం" అని మూడోది పెట్టాలనిపిస్తుంది, నేనూ మొదటిసారి పెట్టాను, అందులోనే అన్నీ వెళ్లి కూర్చున్నాయి, ఎవరూ వాటిని ముట్టుకోలేదు. దాదాపు ఖాయం అంటే ఏదో ఒకటి తక్కువైందనే. ఆ తక్కువైంది ఏమిటో రాసి మిగిలిన వాటిలో వేయండి. "ఫొటోగ్రాఫర్ దాదాపు కుదిరాడు" అనకండి, "ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్స్ ఇవ్వలేదు, ఇస్తేగానీ ఆ తేదీ మనకు ఉంచడు" అనండి.

ఖాయమైనవి పూర్తి వాక్యంగా, తేదీతో, ఎవరు ఒప్పుకున్నారో చెప్తూ రాయండి. ఎవరు వద్దన్నారో, ఎంత వాదన జరిగిందో రాయకండి, దాని అవసరం ఈ కాగితానికి లేదు. మిగిలినవి మాత్రం ప్రశ్నగా రాయండి. "కార్డులు" అని ఒక్క ముక్క రాస్తే చదివిన ప్రతివాళ్లూ అది ఇంకెవరి పనో అనుకుంటారు. "కార్డు మీద సమయం ఏది వేయాలి?" అని రాస్తే జవాబు వస్తుంది. ప్రతి ప్రశ్న పక్కనా ఒక్క పేరు, ఒక తేదీ. చాట్‌లో "ఎవరైనా కనుక్కోండి" అని ఉంటే ఆ పనికి ఇంకా మనిషి లేడు, ఖాళీ వదిలి "ఎవరు?" అనే రాయండి, మీకు తోచిన పేరు మీరు పెట్టేయకండి, ముఖ్యంగా వాళ్లు మీకంటే పెద్దవాళ్లయితే.

మిగిలిన వాటిని ముఖ్యమైనవి, కానివి అని కాకుండా, ఏది తేలకపోతే ఇంకేవి ఆగిపోతాయో చూసి వరస పెట్టండి. మా దగ్గర అతిథుల లెక్క తేలకపోవడం వల్ల బస్సు ఎక్కేవాళ్ల సంఖ్య, గదులు, భోజనాల సంఖ్య, కార్డుల సంఖ్య నాలుగూ ఆగి ఉన్నాయి. చాట్‌లో మాత్రం అందరూ నాలుగు నెలలుగా ఆ నాలుగింటి మీదే మాట్లాడుతున్నారు, లెక్క మీద పదిహేను మెసేజీలు కూడా లేవు. దాన్ని జాబితాలో మొదట పెట్టి, పక్కన "ఇది తేలితే కింద నాలుగు తేలతాయి" అని రాశాను.

బస్సు భాగం గ్రూపులో పెట్టినప్పుడు ఇలా ఉంది, పేర్ల బదులు వరసలు పెడుతున్నాను.

```
(ఫిబ్రవరి 24 రాత్రి 9 వరకు గ్రూపులో ఉన్నదాన్ని బట్టి)

ఖాయమైనవి
బస్సు: పెద్ద బస్సు 1, వ్యాను 1. బాబాయి కుదిర్చారు,
అడ్వాన్స్ ఇచ్చారు (ఫిబ్రవరి 22). 55 మంది లెక్క మీద.

మిగిలినవి
1. బస్సులో వచ్చేవాళ్లు కచ్చితంగా ఎంతమంది? పెద్దక్క, మార్చి 2
2. పొద్దున్న ఎన్నింటికి బయల్దేరాలి? నాన్న, మార్చి 5
   (6 అయితే పిల్లలతో ఇబ్బంది అన్న మాట వచ్చింది)
3. మిగతా డబ్బు ఎప్పుడివ్వాలి? ఎవరు? (చాట్‌లో రాలేదు)
```

చూడండి, ఆరింటికి ఇబ్బంది అన్నది అత్త అని రాయలేదు. ఇబ్బంది ఏమిటో చాలు.

## గ్రూపులో పెట్టే ముందు

నేరుగా గ్రూపులో పెట్టకండి. నిర్ణయాల్లో ఎవరి పేర్లు ఎక్కువసార్లు వచ్చాయో ఆ ఇద్దరు ముగ్గురికి ముందు ఫోన్ చేసి చదివి వినిపించండి, పంపించి "చూడండి" అంటే చూడరు. నాకు ఇలా చదువుతుంటే ముప్పై పైచిలుకు అంశాల్లో నాలుగు తప్పులు దొరికాయి, నాలుగూ "ఓకే" ఎవరి మాటకో నేను పొరబడినవే. అభ్యంతరం వస్తే వాదించకండి, ఆ అంశాన్ని ఖాయమైన వాటిలోంచి తీసి ప్రశ్నగా మార్చి కింద పెట్టండి.

రెండు వైపుల వాళ్లూ ఉన్న గ్రూపు, మనవాళ్లు మాత్రమే ఉన్న గ్రూపు వేరుగా ఉంటే రెండు ఫైళ్లనీ కలిపి నోట్స్ చేసుకోవచ్చు, బయటికి ఇచ్చే జాబితాలు మాత్రం రెండు ఉండాలి. మన గ్రూపులో అనుకున్నది అవతలివాళ్లకు ఖాయం కాదు, వాళ్లను అడగాల్సిన ప్రశ్న అది. డబ్బు లెక్కలు, ఎవరి ఆరోగ్యం గురించిన మాటలు, ఎవరిని పిలవాలా వద్దా అన్న చర్చ పెద్ద జాబితాలోకి రాకూడదు. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్ కూడా ఎవరికీ పంపకండి, అడిగితే జాబితా ఇవ్వండి. పెళ్లయ్యాక ఆ ఫైల్ తీసేయండి, నాలుగు నెలల ఇంటి మాటలు అందులో ఉన్నాయి.

పెట్టాక దాన్ని గ్రూపులో పిన్ చేయండి, ముప్పై రోజుల దాకా పైనే ఉంచుకోవచ్చు. ఒక తెరలో సగం కంటే ఎక్కువైతే ఖాయమైనవి ఒక మెసేజ్‌గా, మిగిలినవి ఇంకో మెసేజ్‌గా పెట్టండి, మిగిలినవే పిన్ చేయండి, జనం చూడాల్సింది దాన్నే. వారం తర్వాత మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు మొత్తం చదవక్కర్లేదు, మీరు కాగితం మీద రాసుకున్న తేదీ, సమయం దగ్గర నుంచి కిందికి చదివితే చాలు, మా గ్రూపుకు రెండోసారి నలభై నిమిషాలు పట్టింది. పాత నంబర్లు మార్చకండి. మూడో ప్రశ్న తేలిపోతే దాన్ని తీసేసి నాలుగోదాన్ని మూడు చేస్తే, ఎవరో "3 నేను చూస్తా" అన్న మెసేజ్ రేపు ఇంకో పనికి అంటుకుంటుంది.

మా జాబితా పెట్టిన రాత్రి మొదట వచ్చిన జవాబు బాబాయిది. "3 నేనే ఇస్తాను, పెళ్లి ముందు రోజు ఇవ్వాలి, రాసుకో" అన్నారు. రాసుకున్నాను, తేదీతో.